ఒక్క సెకను కూడా నిలవని 16 మెగావాట్లు

ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ నగరానికి దగ్గరగా ఉన్న కల్హమ్‌లో 1983 నుంచి 2023 దాకా పనిచేసిన జెట్ అనే టోకమాక్, అంటే ఆవేశం గల కణాల వేడి వాయువైన ప్లాస్మాను అయస్కాంత క్షేత్రంతో వలయంలో బంధించే యంత్రం, 1997లో హైడ్రోజన్ రూపాలైన డ్యుటీరియం, ట్రిటియం మిశ్రమాన్ని ఇంధనంగా వాడి 16 మెగావాట్ల సంలీన శక్తిని వెలువరించింది. ఆ సమయంలో ప్లాస్మాను వేడి చేయడానికి బయటి నుంచి పంపిన శక్తి సుమారు 24 మెగావాట్లు. అంటే పెట్టినదానిలో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. ఈ నిష్పత్తిని సంలీన పరిశోధన గురించిన వ్యాసాలన్నీ ఉదహరిస్తాయి. అయితే ఆ 16 మెగావాట్ల స్థితి ఒక్క సెకను కూడా నిలవలేదన్న సంగతి అంత తరచుగా ప్రస్తావనకు రాదు. అవే ప్రయోగాలలో ఇంకొక రకం ప్లాస్మాను నాలుగైదు సెకన్ల పాటు నిలకడగా నడిపినప్పుడు వచ్చిన శక్తి దాదాపు 4 మెగావాట్లు మాత్రమే. మొత్తం 22 మెగాజూళ్లు. అదే యంత్రం 2021లో ఐదు సెకన్లలో 59 మెగాజూళ్లు, 2023లో 69 మెగాజూళ్లు ఇచ్చి మొత్తం శక్తిలో రికార్డును తిరగరాసింది గానీ, నిలకడగా సాగిన ఆ షాట్ల, అంటే ఒక్కో విడత ప్రయోగాల, సగటు శక్తి కూడా 16 మెగావాట్లను అందుకోలేదు.

శిఖరానికి చేరడం ఒకటి, అక్కడ నిలవడం ఒకటి. ఈ రెండింటి మధ్య ఇంత తేడా ఎందుకు వచ్చిందన్నదే ఈ వ్యాసం విషయం. ప్లాస్మాను వేడి చేయడం, దాన్ని స్థిరంగా ఉంచడం రెండు వేర్వేరు సమస్యలనీ, మొదటిది పరిష్కారమైతే రెండోది చూసుకోవచ్చనీ పైకి అనిపిస్తుంది. 1997 నాటి ఆ షాట్‌ను దగ్గరగా చూస్తే మాత్రం, మొదటి సమస్యలో సాధించిన విజయమే రెండో సమస్యను పుట్టించిందని తెలుస్తుంది.

ముందు ఉష్ణోగ్రత సంగతి. డ్యుటీరియం, ట్రిటియం కేంద్రకాలు రెండూ ధనావేశం గలవి కాబట్టి ఒకదాన్నొకటి నెట్టేసుకుంటాయి. అవి కలవాలంటే చాలా వేగంగా ఢీకొనాలి. అలా ఢీకొన్నా ఎక్కువసార్లు పక్కకు తప్పుకుని పోతాయే తప్ప కలవవు. అందుచేత రెండు పుంజాలను ఎదురెదురుగా కొట్టించి లాభం లేదు. కణాలు ఎన్నోసార్లు ఢీకొంటూ, తమ వేగాన్ని తమలో తాము పంచుకుంటూ, తప్పించుకుపోకుండా ఉండే వేడి వాయువే కావాలి. సూర్యుని కేంద్రంలో ఒకటిన్నర కోట్ల డిగ్రీలు చాలు, ఎందుకంటే అక్కడి సాంద్రత అపారం, సమయానికి కొదవ లేదు. టోకమాక్‌లో ఆ రెండూ లేవు కాబట్టి పది కోట్ల నుంచి ఇరవై కోట్ల డిగ్రీల దాకా వెళ్లాల్సి వస్తుంది. పది నుంచి ఇరవై కోట్లకు పెంచితే, సాంద్రత మారకపోతే, సంలీన చర్యల వేగం దాదాపు నాలుగు రెట్లవుతుంది. అయితే యంత్రం భరించగలిగేది పీడనాన్ని. పీడనం అంటే సాంద్రత, ఉష్ణోగ్రతల లబ్ధం. పీడనానికి హద్దు ఉన్నప్పుడు ఉష్ణోగ్రత పెరిగిన మేరకు సాంద్రతను తగ్గించుకోక తప్పదు. ఈ లెక్క వేస్తే సుమారు పదిహేను కోట్ల డిగ్రీల దగ్గర గరిష్ఠ ఫలితం వస్తుంది. అంతకన్నా వేడి చేసినంత మాత్రాన లాభం లేదు.

ఆ వేడిలో ఏ గోడా ప్లాస్మాకు ఆనుకుని ఉండలేదు. గోడ కరిగిపోవడం ఒక్కటే భయం కాదు. జెట్‌లోని ప్లాస్మా అంతా కలిపి ఒక గ్రాములో నూరో వంతు కాబట్టి, గోడను తాకితే ముందుగా చల్లారిపోయేది ప్లాస్మాయే. ఆ ఉష్ణోగ్రతలో డ్యుటీరియం అయాను సెకనుకు పది లక్షల మీటర్ల వేగంతో పోతుంది. దాన్ని వదిలేస్తే ఒక మీటరు దూరంలోని గోడను సెకనులో పది లక్షవ వంతులో చేరుతుంది. ఇక్కడ అయస్కాంత క్షేత్రం పనికి వస్తుంది. ఆవేశం గల కణం క్షేత్ర రేఖ చుట్టూ గిర్రున తిరుగుతూ రేఖ వెంబడే ముందుకు పోగలదు గానీ, రేఖను అడ్డంగా దాటలేదు. మూడున్నర టెస్లాల క్షేత్రంలో పది కోట్ల డిగ్రీల అయాను తిరిగే వలయపు వ్యాసార్ధం ఐదారు మిల్లీమీటర్లు. ఎలక్ట్రాను విషయంలో అది మిల్లీమీటరులో పదో వంతు. రేఖ కొసల నుంచి కణాలు జారిపోకుండా క్షేత్రాన్ని వలయంగా వంచితే కొసలే ఉండవు. జెట్‌లో ఆ వలయపు మధ్యరేఖ వ్యాసార్ధం దాదాపు మూడు మీటర్లు.

అలా వంచడంలోనే ఒక చిక్కు ఉంది. వలయం లోపలి వైపు తీగచుట్లు దగ్గరగా, బయటి వైపు దూరంగా ఉంటాయి కాబట్టి, క్షేత్రం లోపల బలంగానూ బయట బలహీనంగానూ ఉంటుంది. కణం తిరిగే ప్రతి చుట్టులోనూ ఒక పక్క వంపు కొంచెం ఎక్కువ, మరో పక్క కొంచెం తక్కువ అవుతుంది. దాంతో అయాన్లు నిలువుగా ఒక దిక్కుకు, ఎలక్ట్రాన్లు దానికి వ్యతిరేక దిక్కుకు మెల్లగా జరుగుతాయి. మెల్లగా అన్నా అది సెకనుకు దాదాపు రెండు వేల మీటర్లు. అంటే అర మిల్లీసెకనులో కణం గోడను చేరుతుంది. అంతకు ముందే పైనా కిందా పేరుకున్న వ్యతిరేక ఆవేశాల మధ్య విద్యుత్ క్షేత్రం ఏర్పడి మొత్తం ప్లాస్మాను బయటి గోడ మీదికి నెట్టేస్తుంది.

1950 ప్రాంతంలో సోవియట్ శాస్త్రవేత్తలు ఇగోర్ టామ్, ఆంద్రేయ్ సఖరోవ్ సూచించిన పరిష్కారం క్షేత్ర రేఖలకు మెలిక పెట్టడం. వలయం వెంబడి ప్లాస్మాలోనే పెద్ద విద్యుత్ ప్రవాహాన్ని నడిపితే, అది తన చుట్టూ పుట్టించే క్షేత్రం తీగచుట్ల క్షేత్రంతో కలిసి, రేఖలు వలయం చుట్టూ మెలిక తిరుగుతూ పోతాయి. మెలిక తిరిగిన రేఖ వెంట పోయే అయాను కొంతసేపు ప్లాస్మా పై సగంలోనూ, కొంతసేపు కింది సగంలోనూ ఉంటుంది. అది జరిగే దిక్కు మారదు గానీ, పై సగంలో కేంద్రానికి దూరం చేసిన ఆ జరుగుబాటే కింది సగంలో దాన్ని కేంద్రానికి దగ్గర చేస్తుంది. జెట్ కొలతలలో ఒక పూర్తి మెలికకు సెకనులో లక్షకు కొన్ని వంతుల సమయమే పడుతుంది కాబట్టి కణం తన రేఖ నుంచి కొద్ది సెంటీమీటర్లకు మించి పక్కకు పోదు. టోకమాక్ అన్న యంత్రం సారమంతా ఈ మెలికలోనే ఉంది. దాని బలహీనత కూడా అక్కడే ఉంది. నిర్బంధానికి కావలసిన క్షేత్రంలో ఒక భాగాన్ని ప్లాస్మాయే తన ప్రవాహంతో తయారు చేసుకుంటోంది కాబట్టి, ప్లాస్మా చెదిరితే తనను పట్టి ఉంచిన క్షేత్రమే చెదిరిపోతుంది.

మెలిక ఎంత ఉండాలన్నదానికీ హద్దులు ఉన్నాయి. రేఖ ప్లాస్మా అడ్డకోత చుట్టూ ఒక్కసారి తిరిగేలోగా వలయం పొడవునా ఎన్ని చుట్లు వేస్తుందన్న సంఖ్యను భద్రతా గుణకం అంటారు. ప్రవాహం పెంచితే మెలిక బిగుసుకుని ఈ సంఖ్య తగ్గుతుంది. అంచు దగ్గర అది రెండుకు చేరువైతే ప్లాస్మా మొత్తం పామువలె వంకర్లు పోయి గోడను తాకుతుంది. అందువల్ల ఆచరణలో మూడు చుట్టుపక్కల ఉంచుతారు. పీడనానికి కూడా ఇలాంటి హద్దే ఉంది. 1997 నాటి షాట్‌లో ప్లాస్మా కేంద్రపు సాంద్రత మనం పీల్చే గాలిలో ఆరు లక్షల వంతు మాత్రమే, అయినా ఉష్ణోగ్రత వల్ల దాని పీడనం రెండు మూడు వాతావరణాలకు సమానమైంది. దాన్ని పట్టి ఉంచిన క్షేత్రపు పీడనం యాభై వాతావరణాలు. ఇరవై రెట్ల బలంతో అణచిపెట్టడం దండగ అనిపించవచ్చు గానీ, ప్లాస్మా పీడనం సగటున క్షేత్ర పీడనంలో కొద్ది శాతాన్ని దాటితే ఉబ్బుకు వచ్చి తప్పించుకుపోతుందని లెక్కలూ ప్రయోగాలూ రెండూ చూపాయి. ఈ హద్దును 1984లో ట్రోయోన్ అనే భౌతిక శాస్త్రవేత్త ఒక సరళ సూత్రంగా చెప్పాడు: ప్రవాహం ఎక్కువైన కొద్దీ, క్షేత్రం, ప్లాస్మా వెడల్పు తక్కువైన కొద్దీ భరించగలిగే ఆ శాతం పెరుగుతుంది.

ఇక వేడి చేయడం. ప్లాస్మాలో ఎలాగూ లక్షల ఆంపియర్ల ప్రవాహం నడుస్తోంది. తీగ వేడెక్కినట్టు అది కూడా వేడెక్కాలి. మొదట అలాగే వేడెక్కుతుంది కూడా. మాస్కోలోని కుర్చాతోవ్ సంస్థకు చెందిన టీ-3 టోకమాక్ ఈ పద్ధతిలోనే ఒక కోటి డిగ్రీల స్థాయిని చేరిందని 1968లో నొవొసిబిర్స్క్ సమావేశంలో ప్రకటించినప్పుడు పాశ్చాత్య శాస్త్రవేత్తలు నమ్మలేదు. మరుసటి ఏడాది కల్హమ్ నుంచే ఒక బృందం లేజరు పరికరాలను మాస్కోకు తీసుకుపోయి కొలిచింది. లేజరు కాంతి ప్లాస్మాలోని ఎలక్ట్రాన్ల మీద పడి చెదిరినప్పుడు, వాటి వేగాన్ని బట్టి కాంతి రంగు అటూ ఇటూ విస్తరిస్తుంది. ఆ విస్తరణ వెడల్పే ఎలక్ట్రాన్ల ఉష్ణోగ్రత. సోవియట్ల మాట నిజమేనని తేలింది. నేటికీ ప్రతి టోకమాక్‌లో ఎలక్ట్రాన్ల ఉష్ణోగ్రతకు నమ్మదగిన కొలత అదే. (ప్రచ్ఛన్న యుద్ధపు నడిమధ్యన రెండు పక్షాల వారూ ఒకే యంత్రం ముందు కూర్చుని కొలత తీసుకోవడం విజ్ఞాన చరిత్రలో అరుదైన సంగతే.)

అయితే ప్రవాహంతో వేడి చేసే పద్ధతికి ఒక అంతం ఉంది. లోహపు తీగకు వేడెక్కిన కొద్దీ నిరోధం పెరుగుతుంది, ప్లాస్మాకు తగ్గుతుంది. వేగంగా పోయే ఎలక్ట్రానును దారిలోని అయాన్లు అంతగా మళ్లించలేవు. ఉష్ణోగ్రత పది రెట్లయితే నిరోధం దాదాపు ముప్పయి రెట్లు పడిపోతుంది. ఒకటిన్నర కోట్ల డిగ్రీల దగ్గర ప్లాస్మా రాగికి దీటైన వాహకం అవుతుంది. ఆపైన జెట్ వంటి పెద్ద యంత్రంలో కూడా ప్రవాహం నుంచి దొరికే వేడిమి ఒకటి రెండు మెగావాట్లకు మించదు, నష్టాలేమో పదుల మెగావాట్లలో ఉంటాయి. ప్రవాహాన్ని ఇంకా పెంచుదామంటే భద్రతా గుణకపు హద్దు అడ్డు వస్తుంది. వేడి చేయడం, స్థిరత్వం మొదటిసారి ముడిపడేది ఇక్కడే.

కాబట్టి వేడిని బయటి నుంచి తేవాలి. జెట్‌లో ఆ పనిలో సింహభాగం తటస్థ కణపుంజాలది. డ్యుటీరియం అయాన్లను 80 వేల నుంచి లక్షా 40 వేల వోల్టులతో వేగవంతం చేసి, ఒక వాయువు గుండా పంపి ఎలక్ట్రాన్లను తిరిగి అంటిస్తారు. ఆవేశం పోయిన ఆ పరమాణువులు అయస్కాంత క్షేత్రాన్ని ఖాతరు చేయకుండా నేరుగా ప్లాస్మా లోపలికి దూసుకుపోయి, అక్కడ మళ్లీ ఎలక్ట్రాన్లు ఊడి క్షేత్రానికి చిక్కుతాయి. చిక్కాక తమ శక్తిని చుట్టుపక్కల కణాలకు పంచుతాయి. ఇంత తిప్పలు ఎందుకంటే, ఆవేశం ఉన్న కణాన్ని బయటికి పోనీయని క్షేత్రం లోపలికీ రానీయదు. మిగిలిన కొంత వేడిని అయాన్లు తిరిగే పౌనఃపున్యానికి సరిపోయే రేడియో తరంగాలు అందిస్తాయి.

పుంజం ఎవరిని వేడి చేస్తుందన్నది ముఖ్యమైన ప్రశ్న. వేగవంతమైన అయాను మొదట ఎక్కువగా ఎలక్ట్రాన్లతో రాపిడి పొంది నెమ్మదిస్తుంది; దాని శక్తి ఒక స్థాయికి దిగాక మాత్రమే అయాన్లకు ఎక్కువ శక్తినిస్తుంది. ఆ స్థాయి ఎలక్ట్రాన్ల ఉష్ణోగ్రతతో పాటు పెరుగుతుంది. 1997 నాటి షాట్‌లో ఎలక్ట్రాన్లు సుమారు పదహారు కోట్ల డిగ్రీల వద్ద ఉన్నాయి కాబట్టి, పుంజపు కణాలన్నీ మొదటి నుంచీ ఆ స్థాయికి కిందే ఉండి, తమ శక్తిలో పెద్ద భాగాన్ని నేరుగా అయాన్లకు ఇచ్చాయి. ఫలితంగా అయాన్లు ముప్పయి కోట్ల డిగ్రీలు దాటాయి. సంలీనం చెందేవి అయాన్లే కాబట్టి ఇది ఆ షాట్‌కు పెద్ద వరం. దీని సంగతి మళ్లీ వస్తుంది.

ఆ షాట్‌లో ప్లాస్మా దాచుకున్న వేడి మొత్తం 17 మెగాజూళ్లు. దాన్ని లోపలికి పోతున్న 24 మెగావాట్లతో భాగిస్తే సుమారు 0.7 సెకను వస్తుంది. దాచిన శక్తి అప్పటికింకా పెరుగుతూనే ఉంది, అంటే పోసినదంతా కారిపోవడం లేదు. ఆ సవరణ చేస్తే 0.9 సెకను అవుతుంది. వేడి చేయడం ఆపేస్తే ప్లాస్మా ఎంత సేపట్లో చల్లారుతుందో చెప్పే ఈ సంఖ్యను శక్తి నిర్బంధ కాలం అంటారు. టోకమాక్ బాగోగులు చూడదలచినవారు ఉష్ణోగ్రత కన్నా ముందు చూడవలసింది దీన్నే. ఉష్ణోగ్రతను ఎంత శక్తి పెట్టి అయినా కొంతసేపు సాధించవచ్చు. నిర్బంధ కాలాన్ని కొనడం అంత తేలిక కాదు.

అది ఎందుకు తేలిక కాదంటే, కణాలు ఒకదాన్నొకటి ఢీకొని ఒక్కో అడుగూ పక్కకు జరగడం వల్ల మాత్రమే వేడి బయటికి పోయేటట్టయితే నష్టం చాలా స్వల్పంగా ఉండేది. కొలిచిన నష్టం దానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. కారణం ప్లాస్మాలోని కల్లోలం. కేంద్రంలో పది కోట్ల డిగ్రీలు దాటిన వేడి, ఒక మీటరు అవతల అంచులో దానిలో నూరో వంతు. ప్రకృతిలో ఎక్కడా ఊహించలేనంత ఏటవాలు ఇది. ఈ వాలు ఒక హద్దు దాటగానే సెంటీమీటరు ప్రమాణంలో సుడులు పుట్టి, లోపలి వేడిని బయటికీ బయటి చల్లదనాన్ని లోపలికీ మారుస్తాయి. కళ్లంలో ధాన్యం రాశి మీద పైనుంచి ఎన్ని గంపలు పోసినా రాశి పక్కలకు జారుతుందే గానీ దాని వాలు పెరగదు. ప్లాస్మా ఉష్ణోగ్రత కూడా దాదాపు అలాగే ప్రవర్తిస్తుంది. వేడి ఎక్కువ పోస్తే వాలు కొంచెమే పెరుగుతుంది, సుడులు మాత్రం చాలా బలపడతాయి.

ప్రపంచంలోని అనేక టోకమాక్‌ల కొలతలను కలిపి తీసిన సూత్రం ఈ సంగతిని అంకెల్లో చెబుతుంది. నిర్బంధ కాలం, పోసిన శక్తి పెరిగిన కొద్దీ దాని 0.69వ ఘాతం చొప్పున తగ్గుతుంది.

```
τ ∝ P^(-0.69)
W = P·τ ∝ P^(0.31)
```

ఇక్కడ P అంటే పోసిన శక్తి, τ అంటే నిర్బంధ కాలం, W అంటే ప్లాస్మా దాచుకున్న వేడి. పోసే శక్తిని రెట్టింపు చేస్తే W రెట్టింపు కాదు, 1.24 రెట్లు అవుతుంది, అంతే. 24 మెగావాట్ల బదులు 48 పోస్తే, మిగతావన్నీ మారకుండా ఉంటే, వచ్చే ప్రతిఫలం దాచిన వేడిలో నాలుగో వంతు పెరుగుదల. వేడి చేయడం కష్టమైన సమస్య అనడంలోని అసలు అర్థం ఇదే. మెగావాట్ల యంత్రాలు కట్టలేక కాదు, కట్టి పోసిన కొద్దీ తూట్లు పెద్దవవుతాయి గనుక. ఇదే సూత్రంలో నిర్బంధ కాలం ప్లాస్మా ప్రవాహంతో దాదాపు అదే నిష్పత్తిలోనూ, వలయ వ్యాసార్ధంతో దాదాపు వర్గపు నిష్పత్తిలోనూ పెరుగుతుంది. కొత్త టోకమాక్‌లు అంత పెద్దవిగా కట్టడానికి మూలం ఆ వర్గమే.

ఈ గండం నుంచి కొంత ఊరట అనుకోకుండా దొరికింది. 1982లో జర్మనీలోని గార్షింగ్‌లో ఆస్‌డెక్స్ టోకమాక్ మీద పనిచేస్తున్న ఫ్రిట్జ్ వాగ్నర్, పోసే శక్తి ఒక స్థాయిని దాటగానే ప్లాస్మా తనంతట తాను వేరే స్థితిలోకి గెంతి, నిర్బంధ కాలం దాదాపు రెట్టింపు కావడం గమనించారు. దాన్ని హెచ్-మోడ్ అంటారు. ఆ స్థితిలో ప్లాస్మా అంచున కొద్ది సెంటీమీటర్ల పొరలో పక్కపక్క పొరలు వేర్వేరు వేగాలతో కదులుతూ సుడులను చీల్చేస్తాయి. వేడిని కార్చే సుడులు అక్కడ చచ్చిపోవడంతో ఉష్ణోగ్రత గోడ కట్టినట్టు లేస్తుంది. వాలు పెరగదన్నాం కదా. అంచులోనే ఎత్తు మొదలైతే, అదే వాలుతో కేంద్రం కూడా అంత ఎత్తుకు పోతుంది. హెచ్-మోడ్ లాభమంతా ఆ కొద్ది సెంటీమీటర్లలోనే ఉంది.

1997 నాటి 16 మెగావాట్ల షాట్ హెచ్-మోడ్‌లో నడిచింది. ఇప్పుడు దాని పతనానికి వద్దాం. అంచు పొరలో వేడి కారడం ఆగిపోయాక అక్కడి పీడనం ప్రతి క్షణం పెరుగుతూ పోయింది. పీడనపు వాలు, ఆ వాలు వల్ల అంచులోనే పుట్టే అదనపు ప్రవాహం, రెండూ కలిసి ఒక హద్దును చేరగానే అంచు పొర చీలి, ఒక్క విసురుతో తన వేడిని, కణాలను బయటికి చిమ్ముతుంది. దీన్ని అంచు విస్ఫోటం అనవచ్చు. చిన్నవి తరచుగా వస్తే ప్లాస్మా తట్టుకుంటుంది. ఆ షాట్‌లో మాత్రం చిన్నవి రాకుండా ఉన్నందువల్లనే పీడనం అంత ఎత్తుకు పోయింది, చివరికి వచ్చింది పెద్దది. దాంతో అంచు కుప్పకూలి, నిర్బంధం పడిపోయి, సంలీన శక్తి దిగజారింది. కొలత పరికరాలలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది: అంచున చల్లని హైడ్రోజన్ జాతి పరమాణువులు వెలువరించే ఎర్రని కాంతి హఠాత్తుగా ఎగుస్తుంది, అదే క్షణంలో అంచు ఉష్ణోగ్రత గీత నిటారుగా పడుతుంది, గోడ దగ్గరి చిన్న తీగచుట్లు అయస్కాంత క్షేత్రంలో ఒక కుదుపును నమోదు చేస్తాయి. మూడూ కలిసి వస్తే అంచు విస్ఫోటమే, వేరే సందేహం అక్కరలేదు.

విస్ఫోటాలు లేకుండానే ఎప్పటికీ నడపవచ్చు కదా అన్న ప్రశ్నకు జవాబు అంత సూటిగా లేదు. కారని అంచు ఇంధనంతో పాటు మలినాలను కూడా కారనివ్వదు. గోడ నుంచి ఊడిన పరమాణువులు లోపల పేరుకుని, తమలో మిగిలిన ఎలక్ట్రాన్ల ద్వారా వేడిని కాంతిగా మార్చి పారబోస్తాయి. చిన్న విస్ఫోటాలు ఆ మలినాలను కడిగేస్తాయి. అందుకే నిలకడైన షాట్లలో వాటిని రానిచ్చారు. అంచు పీడనం తక్కువ ఎత్తులో నిలిచింది, శక్తి 4 మెగావాట్లకు దిగింది, షాట్ మాత్రం సాగింది.

గోడ ఏ పదార్థంతో కట్టాలన్నది ఈ చిక్కును ఇంకా బిగించింది. 1997లో జెట్ గోడ కార్బన్. అది కేంద్రానికి చేరినా ఎలక్ట్రాన్లన్నీ ఊడిపోయి పెద్దగా కాంతిని వెలువరించదు, కాబట్టి ప్లాస్మాకు మంచిది. కానీ కార్బన్ ట్రిటియాన్ని పీల్చి దాచుకుంటుంది. రేడియోధార్మిక ఇంధనాన్ని గోడలో పోగేసుకునే యంత్రాన్ని విద్యుత్ కేంద్రంగా నడపలేరు. 2011 నాటికి జెట్ లోపలి గోడను బెరీలియంతోనూ, వేడి ఎక్కువగా తగిలే అడుగు భాగాన్ని టంగ్‌స్టన్‌తోనూ మార్చారు. టంగ్‌స్టన్ ట్రిటియాన్ని పెద్దగా పీల్చదు, వేడికి తట్టుకుంటుంది. కానీ 74 ఎలక్ట్రాన్ల ఆ పరమాణువుకు పది కోట్ల డిగ్రీలలో కూడా కొన్ని ఎలక్ట్రాన్లు మిగిలే ఉంటాయి. ఇంధనంలో పదివేలకు ఒక టంగ్‌స్టన్ పరమాణువు చేరినా స్వయం దహనం, అంటే ప్లాస్మా తన సంలీనపు వేడితోనే సాగడం, గట్టి చిక్కులో పడుతుంది. కాబట్టి 2021 నాటి 59 మెగాజూళ్లను 1997 నాటి 22తో పోల్చేటప్పుడు, కొత్త గోడ వల్ల పని కష్టమయ్యాక కూడా అది వచ్చిందని గుర్తుంచుకోవాలి. ఇంకొక సంగతి కూడా గుర్తుంచుకోవాలి: ఆ రికార్డు షాట్‌లో ప్లాస్మాలో ట్రిటియాన్ని ఎక్కువగా ఉంచి, డ్యుటీరియం పుంజంతో కొట్టారు. వచ్చిన సంలీనంలో ఎక్కువ భాగం పుంజపు కణాలు నేరుగా ట్రిటియాన్ని ఢీకొనడం వల్ల వచ్చింది. రికార్డు నిజమైనదే, కానీ విద్యుత్ కేంద్రంలో సంలీనం ఆ దారిన రాదు.

వేడి అయాన్ల సంగతి మళ్లీ వస్తుందన్నది ఇందుకే. ఒక్కో డ్యుటీరియం–ట్రిటియం చర్యలో వెలువడే శక్తిలో ఐదింట నాలుగు వంతులు న్యూట్రాను తీసుకుపోతుంది. దానికి ఆవేశం లేదు కాబట్టి క్షేత్రాన్ని దాటి గోడలోకి పోతుంది. మిగిలిన ఒక వంతు ఆల్ఫా కణానిది. అదే క్షేత్రంలో చిక్కి ప్లాస్మాను వేడి చేస్తుంది. 16 మెగావాట్ల షాట్‌లో ఆల్ఫాల వాటా మూడు మెగావాట్ల పైచిలుకు. బయటి 24 ముందు అది చిన్నది. విద్యుత్ కేంద్రంలో ఇది తలకిందులు కావాలి, వేడిలో అధిక భాగం ఆల్ఫాలదే కావాలి. కానీ ఆల్ఫా కణం పుట్టినప్పటి శక్తి పుంజపు కణానికి పాతిక రెట్లకు పైగా ఉంటుంది; పైన చెప్పిన స్థాయికి అది చాలా ఎత్తులో ఉంది. కనుక అది ప్రధానంగా ఎలక్ట్రాన్లను వేడి చేస్తుంది, అయాన్లు ఎలక్ట్రాన్ల నుంచి అరువు తెచ్చుకోవాలి. అలాంటప్పుడు అయాన్లు ఎలక్ట్రాన్ల కన్నా రెండింతలు వేడిగా ఉండే భాగ్యం ఉండదు. 1997 నాటి షాట్‌కు వరమైనది పెద్ద యంత్రానికి అందుబాటులో లేదన్నమాట.

అంచు విస్ఫోటం ప్లాస్మాను దెబ్బతీస్తుంది గానీ చంపదు. చంపేది పూర్తి విచ్ఛిన్నం. లోపలి కొన్ని పొరలలో భద్రతా గుణకం ఒకటిన్నర, రెండు వంటి సరళ భిన్నం అయినప్పుడు, అక్కడి రేఖలు కొన్ని చుట్ల తర్వాత తమ తోక తామే పట్టుకుంటాయి. ఆ పొరలో చిన్న అలజడి కూడా ప్రతి చుట్టులోనూ బలపడి, రేఖలను తెంచి కొత్తగా అతికి, అయస్కాంత ద్వీపాలను ఏర్పరుస్తుంది. ద్వీపం లోపల వేడి ఒక పక్క నుంచి మరో పక్కకు అడ్డు లేకుండా పారుతుంది. ద్వీపాలు పెరిగి ఒకదాన్నొకటి తాకితే, కేంద్రపు వేడి మిల్లీసెకన్లలో గోడ మీద పడుతుంది. చల్లారిన ప్లాస్మాకు నిరోధం ఒక్కసారిగా పెరిగి, మెగా ఆంపియర్ల ప్రవాహం కుప్పకూలుతుంది. ఆ కూలే క్షేత్రం కొన్ని ఎలక్ట్రాన్లను కాంతి వేగానికి చేరువగా తరిమి గోడలో గుచ్చుతుంది. దీనికి ముందు గుర్తు ఉంది. తిరుగుతూ ఉండే ద్వీపం, గోడలో తాను పుట్టించే ప్రవాహాల ఈడ్పు వల్ల నెమ్మదించి ఆగిపోతుంది. తీగచుట్లలో ఊగుతున్న సంకేతం ఊగడం మాని స్థిరంగా పెరగడం మొదలైతే, విచ్ఛిన్నం దగ్గరపడిందని తెలుసుకుని నియంత్రణ వ్యవస్థ ప్లాస్మాలోకి గడ్డకట్టిన వాయువు ముక్కలను చిమ్మి వేడిని అన్ని వైపులకూ కాంతిగా వెదజల్లేలా చేస్తుంది.

జెట్‌కు వారసత్వంగా దక్షిణ ఫ్రాన్స్‌లో కడుతున్న ఈటర్‌లో వలయ వ్యాసార్ధం 6.2 మీటర్లు, ప్రవాహం 15 మెగా ఆంపియర్లు. దాన్ని ఆవరించే మహా ఉక్కు పాత్రను సమకూర్చిన బాధ్యత భారత్‌ది. 50 మెగావాట్ల బయటి వేడితో 500 మెగావాట్ల సంలీన శక్తి దాని లక్ష్యం. ఆల్ఫాల వాటా 100 మెగావాట్లు అవుతుంది, అంటే ప్లాస్మాకు అందే 150 మెగావాట్లలో మూడింట రెండు వంతులు ఎవరి చేతిలోనూ ఉండవు. ఆ వేడి ఎక్కడ పడాలో, ఏ వాలును పెంచాలో ప్లాస్మాయే నిర్ణయిస్తుంది. అందులో దాచుకునే వేడి 350 మెగాజూళ్లు, జెట్ షాట్‌కు ఇరవై రెట్లు. వదిలేస్తే ఒక్కో అంచు విస్ఫోటంలో 20 మెగాజూళ్ల దాకా టంగ్‌స్టన్ మీద పడవచ్చు; ఆ లోహం పదేపదే భరించగలిగేది ఒక మెగాజూలు లోపే. కాబట్టి అంచు క్షేత్రాన్ని ప్రత్యేక తీగచుట్లతో కొద్దిగా కలచి, పీడనాన్ని పెద్ద విస్ఫోటపు హద్దు దాకా పోనీయకుండా మెల్లగా కార్చాలన్నది అక్కడి ప్రణాళిక. హెచ్-మోడ్ ఇచ్చిన ఎత్తులో కొంత వదులుకుంటేనే మిగతాది నిలుస్తుంది.

2024లో సవరించిన ఈటర్ ప్రణాళికలో బెరీలియం బదులు లోపలి గోడ అంతా టంగ్‌స్టన్ చేశారు, డ్యుటీరియం–ట్రిటియం దశను 2039కి జరిపారు, ఎలక్ట్రాన్లను వేడి చేసే మైక్రోతరంగాల శక్తిని గణనీయంగా పెంచారు. ఈ చివరి మార్పుకు కారణాలు రెండు. మైక్రోతరంగాల పుంజాన్ని అద్దం తిప్పి ప్లాస్మాలో ఏ పొర మీదికైనా గురిపెట్టవచ్చు: కేంద్రంలోకి గురిపెడితే పేరుకుంటున్న టంగ్‌స్టన్‌ను బయటికి తరుముతుంది, ద్వీపం పుట్టిన పొరలోకి గురిపెడితే అక్కడ తగ్గిన ప్రవాహాన్ని భర్తీ చేసి ద్వీపాన్ని కుదిస్తుంది. ఒక షాట్ మధ్యలో వేడి కోసం కేటాయించిన పుంజాన్ని ద్వీపం మీదికి తిప్పితే ఆ మేరకు కేంద్రం చల్లబడుతుంది. ఎన్ని పుంజాలను ఎప్పుడు ఎటు తిప్పాలన్న నిర్ణయాన్ని నియంత్రణ వ్యవస్థ ద్వీపం పెరిగి ఆగిపోయేలోపే, అంటే కొద్ది సెకన్లలోపే తీసుకోవాలి.